పాత ఇంగ్లిష్ నాటక పద్యాన్ని విప్పుకోవడం ఎలా: హ్యామ్లెట్ మూడో అంకం, నాలుగో రంగం

షేక్‌స్పియర్ నాటకం మొదటిసారి తెరిచినవాళ్లు ప్రతి మాటకూ నిఘంటువు చూస్తూ నాలుగు పేజీలు నడిచి ఆగిపోతారు. చిత్రమేమిటంటే, వాళ్లను ఆపే వాక్యాల్లో చాలావాటిలో తెలియని మాట ఒక్కటీ ఉండదు. తండ్రి, తల్లి, నాలుక, అద్దం లాంటి మామూలు మాటలే ఉంటాయి. అవి ఉండవలసిన చోట ఉండవు, క్రియ తోక మారి ఉంటుంది, 'నువ్వు' అనే అర్థానికి రెండు వేరు మాటలు కనిపిస్తాయి. ఈ మూడింటినీ విప్పే పద్ధతి చేతికొస్తే నిఘంటువుతో పని చాలా తగ్గుతుంది.

పద్ధతి నేర్చుకోడానికి హ్యామ్లెట్ మూడో అంకం నాలుగో రంగంలో మొదటి నలభై పంక్తులు చాలు. సందర్భం ఇదీ: డెన్మార్క్ రాజు చనిపోయాడు. రాణి గర్‌ట్రూడ్ ఆయన తమ్ముడు క్లాడియస్‌ను పెళ్లాడింది. కొడుకు హ్యామ్లెట్ కొత్త రాజుకు కోపం తెప్పించాడు. అతన్ని మందలించడానికి రాణి తన గదికి పిలిపించింది. మంత్రి పొలోనియస్ తెర వెనక దాక్కుని వింటున్నాడు. ఈ రంగాన్ని ఇంగ్లిష్‌లో ముందు పెట్టుకుని, పక్కన పెన్సిల్ ఉంచుకుని ఇది చదవండి.

ఒక పక్క పాత పాఠం, ఇంకో పక్క ఈనాటి ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు దొరుకుతాయి. మొదట వాటి జోలికి వెళ్లకండి. 'నువ్వు' అనడానికి వచ్చే 'దౌ', 'యూ' అనే రెండు మాటల్నీ అవి 'యూ'గానే మారుస్తాయి కాబట్టి ఈ రంగంలో తల్లీకొడుకుల మధ్య జరిగేదాంట్లో సగం అక్కడే చెరిగిపోతుంది. కింద చిన్న వివరణలున్న మూలపాఠం తీసుకోండి. ఫోల్జర్ లైబ్రరీ పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది.

1. ముందు సర్వనామాలు పట్టుకోండి

పంక్తి చదవబోయే ముందే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసి, 'నువ్వు'కు సంబంధించిన మాటలన్నిటి చుట్టూ సున్నా చుట్టండి. 'దౌ' అంటే నువ్వు, ఎప్పుడూ కర్త. 'దీ' అంటే నిన్ను లేదా నీకు, ఎప్పుడూ కర్త కాదు. 'దై' అంటే నీ. 'దైన్' అంటే నీది. అచ్చు శబ్దంతో మొదలయ్యే మాట ముందు 'దై'కి బదులుగా కూడా 'దైన్' వస్తుంది. ఇదే రంగంలో చాలా పుస్తకాల్లో రాణి 'నా కళ్లు' అనడానికి 'మై ఐస్' అనకుండా 'మైన్ ఐస్' అంటుంది. అదీ ఈ లెక్కే.

'దౌ' కర్త అయితే క్రియకు 'స్ట్' గానీ 'ట్' గానీ తోక వస్తుంది. హ్యావ్ 'హ్యాస్ట్' అవుతుంది, ఆర్ 'ఆర్ట్' అవుతుంది, విల్ 'విల్ట్' అవుతుంది, ఫైండ్ 'ఫైండ్‌స్ట్' అవుతుంది. 'త్' తోక ఉన్న 'హ్యాత్', 'డత్' మాత్రం వేరు. అవి అతడు, ఆమె, అది చేసే పనులకు వచ్చేవి. అవి ఈనాటి 'హ్యాజ్', 'డజ్'. ఈ రెండు తోకల్నీ కలిపేసుకోవడం మొదట్లో అందరికీ జరిగే పొరపాటు. 'డత్' కనబడగానే 'నువ్వు చేస్తావు' అనుకుంటే ఆ వాక్యం ఇక ఎటూ కుదరదు. అలా కుదరనప్పుడు ముందు అనుమానించవలసింది ఈ తోకనే.

ఇంకో అపోహ కూడా ఉంది. 'దౌ' అనేది పాత మాట, బైబిల్లో దేవుణ్ణి అలా పిలుస్తారు కాబట్టి అది గౌరవవాచకమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మన 'నువ్వు'. దేవుణ్ణి మనం 'నీవే దిక్కు' అన్నట్టే వాళ్లూ ఏకవచనంలో పిలిచారు. మన 'మీరు'లాగా గౌరవానికీ బహువచనానికీ రెంటికీ పనికొచ్చేది 'యూ'. ఇద్దరు ముగ్గురితో కలిపి మాట్లాడుతుంటే 'యూ' తప్పనిసరి. అక్కడ మర్యాద లెక్క వేయకండి.

2. పంక్తి చివర ఆగకండి

పద్యంలో పంక్తి ఛందస్సు కోసం తెగుతుంది, అర్థం కోసం కాదు. పంక్తికి పది సిలబుల్స్ అనేది మూల లెక్క. రెండోది, నాలుగోది, ఆరోది, ఎనిమిదోది, పదోది ఊనికతో పలుకుతాయి. చివర ఊనిక లేని పదకొండోది రావడం మామూలే. వాక్యం మాత్రం చుక్క, ప్రశ్నార్థకం, సెమీకోలన్ ఉన్నచోటనే ముగుస్తుంది. కాబట్టి మొదటి చదువులో వాక్యం ముగిసే చోట ఒక నిలువు గీత పెట్టుకుంటూ వెళ్లండి, అర్థం గురించి అప్పుడే ఆలోచించవద్దు.

కొన్నిచోట్ల ఒకరి మాట పంక్తి మధ్యలో ఆగి, ఇంకొకరి మాట పేజీలో కుడివైపు జరిగి మొదలవుతుంది. అది అచ్చుతప్పు కాదు. రాణి 'వై, హౌ నౌ, హ్యామ్లెట్?' అంటుంది, ఐదు సిలబుల్స్. హ్యామ్లెట్ 'వాట్స్ ద మ్యాటర్ నౌ?' అంటాడు, ఇంకో ఐదు. ఇద్దరూ కలిసి ఒకే పంక్తిని పూర్తి చేస్తున్నారు. అంటే ఆమె నోరు మూయకముందే అతని జవాబు పడాలి. నటులకు ఇదొక సూచన, చదివేవాళ్లకు మాటల వేగం తెలిపే గుర్తు.

3. క్రియను వెతికి, అన్వయం రాయండి

తెలుగు పద్యానికి ప్రతిపదార్థం రాసేముందు అన్వయం చేసుకుంటాం కదా, ఇక్కడా అదే పని. నాలుగు ప్రశ్నలు, ఇదే వరుసలో వేయండి. ప్రధాన క్రియ ఏది? దానికి సహాయక క్రియ ఎక్కడుంది? ఆ పని చేసేదెవరు? ఎవరికి, దేనికి చేస్తున్నారు? జవాబుల్ని కర్త, క్రియ, కర్మ వరుసలో మామూలు ఇంగ్లిష్‌గా మార్జిన్‌లో రాయండి.

రాణి మొదటి మాట తీసుకుందాం. 'హ్యామ్లెట్, దౌ హ్యాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్.' ప్రధాన క్రియ అఫెండెడ్, పంక్తి చివర ఉంది. సహాయక క్రియ హ్యాస్ట్, నాలుగు మాటల ముందే వచ్చేసింది. చేసింది దౌ. ఎవరిని? 'దై ఫాదర్', ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంది. విప్పితే 'దౌ హ్యాస్ట్ అఫెండెడ్ దై ఫాదర్ మచ్' అవుతుంది. నువ్వు మీ నాన్నకు చాలా కోపం తెప్పించావు.

అలా ఎందుకు తిప్పారో కూడా ఒకసారి చూడటం మంచిది. మీరు విప్పిన వాక్యాన్ని ఊనికతో చదవండి. సిలబుల్స్ అవే పదకొండు. కానీ 'ఫాదర్'లో గట్టిగా పలకాల్సిన 'ఫా' తొమ్మిదో స్థానంలో పడి, ఊనిక రావలసిన ఎనిమిదో స్థానంలో తేలికపాటి 'దై' కూర్చుంటుంది. నడక కుంటుతుంది. కవి రాసిన వరుసలో 'ఫా' ఆరో స్థానంలో, 'మచ్' ఎనిమిదిలో, 'ఫెండ్' పదిలో చక్కగా పడతాయి. దీనివల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. వాక్యంలో నొప్పించే మాట చివరికి చేరింది.

కర్మ తర్వాత క్రియ రావడం తెలుగువాళ్లకు సహజంగానే వినిపిస్తుంది. ఈ సౌలభ్యమే ఒక్కోసారి ముంచుతుంది. ముందు వచ్చింది కర్తే అయి ఉంటుందని మన చెవి అనుకుంటుంది, ఇంగ్లిష్‌లో కర్తనూ కర్మనూ విడదీసే ప్రత్యయాలు నామవాచకాలకు లేవు. ఇదే రంగం చివర్లో 'దట్ మాన్‌స్టర్, కస్టమ్, హూ ఆల్ సెన్స్ డత్ ఈట్' అనే పంక్తి ఉంది. 'డత్ ఈట్' ముందు 'సెన్స్' ఉంది కదా అని అదే తింటోందనుకుంటే తప్పు. 'హూ' కర్త రూపం, కర్మ అయితే 'హూమ్' అయ్యేది. ఆ 'హూ' అంటే కస్టమ్, అంటే అలవాటు. కాబట్టి తినేది అలవాటు, తినబడేది ఇంగితం. ఒక పంక్తికి రెండు రకాల అన్వయం కుదురుతుందనిపిస్తే సర్వనామం రూపం చూడండి, తర్వాత క్రియ తోక చూడండి, అప్పటికీ తేలకపోతేనే సందర్భాన్ని అడగండి.

తిప్పిన వాక్యాలు ఇలాంటివే ఇంకొన్ని చూడండి. 'యూ గో నాట్' అనేది 'యూ డూ నాట్ గో'. లేదు, కాదు అనడానికి అప్పట్లో 'డూ' అవసరం లేదు. 'సిట్ యూ డౌన్' అనేది 'సిట్ డౌన్'. 'ఐల్ సెట్ దోజ్ టు యూ దట్ కెన్ స్పీక్' అన్నదాంట్లో 'దోజ్'నూ 'దట్ కెన్ స్పీక్'నూ మధ్యలో దూరిన 'టు యూ' విడదీసింది. పెన్సిల్‌తో ఆ రెండు ముక్కల్నీ గీతతో కలపండి. నీతో మాట్లాడగలిగేవాళ్లనే నీ మీదికి పంపిస్తాను అని రాణి బెదిరింపు.

ఇవన్నీ ఒకేచోట కలిసి వచ్చే వాక్యం ఆ వెంటనే హ్యామ్లెట్ జవాబులో ఉంది. 'యూ గో నాట్ టిల్ ఐ సెట్ యూ అప్ ఎ గ్లాస్ / వేర్ యూ మే సీ ది ఇన్‌మోస్ట్ పార్ట్ ఆఫ్ యూ.' గీత పెట్టిన చోట పంక్తి తెగింది, వాక్యం తెగలేదు. మొదటి పంక్తి దగ్గర ఆగితే గ్లాసు ఎందుకో అర్థం కాదు. పైగా 'సెట్ యూ అప్' అన్నది ఈనాటి వాడుకలో 'నిన్ను ఇరికిస్తాను' అనిపిస్తుంది. అన్వయం రాస్తే చిక్కు వీడుతుంది: యూ డూ నాట్ గో, టిల్ ఐ సెట్ అప్ ఎ గ్లాస్ ఫర్ యూ. ఆ 'యూ' కర్మ కాదు, 'మీ కోసం' అని అర్థం. గ్లాస్ అంటే అద్దం. మీ లోలోపల ఏముందో మీకు కనబడేలా ఒక అద్దం నిలబెట్టేదాకా మీరు కదలడానికి వీల్లేదు.

4. తెలిసినట్టున్న మాటల్నే అనుమానించండి

పూర్తిగా తెలియని మాట వల్ల ప్రమాదం తక్కువ, మీరు ఎలాగూ వెతుకుతారు. 'బై ద రూడ్' అన్నచోట 'రూడ్' అంటే శిలువ అని ఫుట్‌నోట్ చెబుతుంది. మీరు వెతకని మాటల దగ్గరే తప్పు జరుగుతుంది. ఈ రంగంలో 'ఐడిల్ టంగ్' అంటే బద్ధకపు నాలుక కాదు, అర్థంపర్థం లేని మాట. 'బిజీ' అంటే పనిలో ఉండటం కాదు, ఊళ్లో వాళ్ల విషయాల్లో తలదూర్చడం. 'యువర్ బెటర్' తరహా ప్రయోగాల్లో 'బెటర్' అంటే హోదాలో పైవాడు. అన్వయం సరిగ్గా కుదిరినా వాక్యం సందర్భానికి అతకకపోతే, అందులో అన్నిటికంటే మామూలుగా కనబడే మాటను చూడండి. డేవిడ్ క్రిస్టల్, బెన్ క్రిస్టల్ ఇద్దరూ కలిసి చేసిన షేక్‌స్పియర్ పదకోశం ఈ పనికి సాధారణ నిఘంటువు కంటే ఎంతో మేలు.

5. 'దౌ' ఎక్కడ 'యూ' అయిందో గుర్తు పెట్టండి

అసలు ఫలం ఈ అడుగులో ఉంది. ఆ కాలపు పెద్దింటి మనుషుల మధ్య మామూలు సంబోధన 'యూ'. 'దౌ' అనడానికి కారణం ఉండాలి. చనువు కావచ్చు, ప్రేమ కావచ్చు, చిన్నవాడన్న భావం కావచ్చు, కోపమో తిరస్కారమో కావచ్చు. తెలుగులో ఒక మనిషిని ఒకసారి 'మీరు' అనడం మొదలుపెడితే మామూలుగా అదే సాగుతుంది. ఇక్కడ మాత్రం ఒకే సంభాషణలో మారుతూ పోతుంది. కాబట్టి 'దౌ' పంక్తులకు ఒక గుర్తు, 'యూ' పంక్తులకు ఇంకొకటి పెట్టి, గుర్తు మారిన ప్రతి చోటా 'ఇప్పుడే ఏం జరిగింది?' అని అడగండి.

రాణి మొదటి మాట 'దౌ'తో ఉంది. తల్లి కొడుకుని మందలిస్తోంది, పైగా అతని తప్పు క్లాడియస్‌కు చేసిన అవమానం. 'దై ఫాదర్' అంటే ఆమె ఉద్దేశం క్లాడియస్. హ్యామ్లెట్ జవాబు 'మదర్, యూ హ్యావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్.' వాక్య నిర్మాణం అచ్చంగా ఆమెదే. మారినవి సంబోధన, సర్వనామాలు, వాటితోపాటు క్రియ. 'మై ఫాదర్' అంటే మాత్రం చనిపోయిన రాజు. ఒకే మాట ఇద్దరు మనుషుల్ని చూపిస్తోంది. ఇక తల్లిని 'యూ' అనడం ఆనాటి మర్యాదే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మర్యాద వెనకనుంచే అతను అంత మాట అన్నాడు.

వెంటనే రాణి మాట మారుతుంది: 'కమ్, కమ్, యూ ఆన్సర్ విత్ యాన్ ఐడిల్ టంగ్.' ఇది ఆమెకు అతని మీద గౌరవం పెరగడం వల్ల వచ్చిన 'యూ' కాదు. అర్ధరాత్రి ఇల్లు చేరిన కొడుకుతో తల్లి 'తమరు ఎక్కడ తిరిగొస్తున్నారు?' అంటే అది ఏ గౌరవమో ఇదీ అదే. ఆమె దూరం జరిగింది. అతను ఆ వాక్యాన్నీ తిప్పికొడతాడు: 'గో, గో, యూ క్వెశ్చన్ విత్ ఎ వికెడ్ టంగ్.' కమ్‌కు గో, ఆన్సర్‌కు క్వెశ్చన్, ఐడిల్‌కు వికెడ్. ఇక్కడిదాకా విప్పినదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

రాణి: హ్యామ్లెట్, నువ్వు మీ నాన్నకు చాలా కోపం తెప్పించావు.
హ్యామ్లెట్: అమ్మా, మీరు మా నాన్నకు చాలా ద్రోహం చేశారు.
రాణి: చాల్చాలు, తమరి జవాబులో అర్థంపర్థం లేదు.
హ్యామ్లెట్: పోండి, పోండి, మీరడిగే తీరులో పాపముంది.

'అఫెండెడ్' రెండు చోట్లా ఒకే మాట. తెలుగులో ఒకసారి కోపం, ఇంకోసారి ద్రోహం అని రాయాల్సి వచ్చింది, ఎందుకంటే బతికున్నవాణ్ణి నొప్పించడం వేరు, పోయినవాడి పట్ల చేసిన తప్పు వేరు. మీ అన్వయంలో మాత్రం మాట మార్చకండి. మాట తిరిగి వచ్చిందన్న సంగతి కనబడుతూ ఉండాలి.

అద్దం మాట అయ్యాక రాణికి భయం వేస్తుంది. 'వాట్ విల్ట్ దౌ డూ? దౌ విల్ట్ నాట్ మర్డర్ మీ?' ఇంతసేపు నిలబెట్టుకున్న 'యూ' ఒక్కసారి జారిపోయింది. ప్రాణభయంలో రాణితనం నిలవలేదు. ఆమె కేకకు తెర వెనక పొలోనియస్ కూడా కేకవేస్తాడు, రాజేమో అనుకుని హ్యామ్లెట్ తెరలోంచే కత్తి దించుతాడు. చూస్తే పొలోనియస్. బతికున్నప్పుడు 'యూ' అన్న మంత్రిని శవంగా 'దౌ' అంటాడు: 'దౌ రెచెడ్, రాష్, ఇన్‌ట్రూడింగ్ ఫూల్, ఫేర్‌వెల్. ఐ టుక్ దీ ఫర్ దై బెటర్.' నీ పైవాడనుకున్నాను నిన్ను. తర్వాత 'దౌ ఫైండ్‌స్ట్ టు బీ టూ బిజీ ఈజ్ సమ్ డేంజర్' అంటాడు. దీన్ని విప్పేటప్పుడు 'ఫైండ్‌స్ట్' తర్వాత లేని 'దట్'ను చేర్చుకోండి: అన్నిట్లో తలదూర్చడం ప్రమాదమని నీకు తెలిసొచ్చింది. 'ఫైండ్‌స్ట్'లో చిన్న గుర్తు పెట్టి ఒక అచ్చును మింగేశారు. పూర్తిగా 'ఫైండెస్ట్' అని ఉంటే పంక్తి పన్నెండు సిలబుల్స్ అయ్యేది.

కొద్దిసేపటికి రాణి మళ్లీ 'దౌ' అంటుంది. 'వాట్ హ్యావ్ ఐ డన్, దట్ దౌ డేర్‌స్ట్ వ్యాగ్ దై టంగ్ / ఇన్ నాయిస్ సో రూడ్ అగైన్‌స్ట్ మీ?' ఇది భయం కాదు, ఆగ్రహం: నా మీద ఇంత మొరటుగా నోరు పారేసుకునే ధైర్యం నీకెక్కడిది, నేనేం చేశానని? ఇంకొంచెం ముందుకెళ్తే ఇదే 'దౌ'తో ఆమె, నువ్వు నా చూపును నా ఆత్మలోకే తిప్పుతున్నావు, ఇక మాట్లాడకు అని బతిమాలుతుంది. మందలింపు, భయం, కోపం, వేదన, నాలుగింటికీ ఒకే 'దౌ'. కాబట్టి 'దౌ అంటే ప్రేమ' అనో 'దౌ అంటే తిరస్కారం' అనో ఒక చీటీ అంటించుకోవద్దు. హ్యామ్లెట్ మాత్రం ఎంత దారుణమైన మాటలంటున్నా తల్లితో 'యూ' వదలడు. మధ్యలో అతను 'దై' అన్నచోట ఆగి చూడండి. అక్కడ మాట్లాడేది తల్లితో కాదు, సిగ్గు అనే గుణాన్ని మనిషిలా ఎదురుగా నిలబెట్టి, నీ ఎరుపు ఏదీ అని అడుగుతున్నాడు. ఎదుటి మనిషికి అంతవరకూ వాడని సర్వనామం హఠాత్తుగా వస్తే, మాట దిశ మారిందేమోనని చూడాలి.

ప్రతి మార్పుకూ కారణం దొరుకుతుందని మాత్రం అనుకోకండి. కొన్నిచోట్ల ఛందస్సు వల్లో, ప్రాస వల్లో, వాడుక అలవాటు వల్లో మారుతుంది. పరిస్థితిలో మార్పు, సర్వనామంలో మార్పు రెండూ ఒకేచోట కలిసినప్పుడే దాని మీద వ్యాఖ్య కట్టండి.

పాఠం తేడాలు

మీ పుస్తకంలో పైన చెప్పిన పంక్తి కనబడకపోతే కంగారు పడవద్దు. ఈ నాటకం 1603లో నిడివి తక్కువున్న చిన్న క్వార్టోగా, 1604–05లో నిడివి ఎక్కువున్న పెద్ద క్వార్టోగా, 1623లో ఫోలియోలో అచ్చయింది. క్వార్టో అంటే చిన్న సైజు పుస్తకం, ఫోలియో అంటే పెద్ద సైజు సంపుటం. మూడూ ఒకటి కావు. అలవాటును రాక్షసి అన్న పంక్తి పెద్ద క్వార్టోలో ఉంది, ఫోలియోలో లేదు. ఎక్కువ పుస్తకాలు రెంటినీ కలిపి పాఠం తయారుచేస్తాయి, కొన్ని ఒక్కదాన్నే అనుసరిస్తాయి. ఏది అనుసరించారో ముందుమాటలో ఉంటుంది. కామాలు, సెమీకోలన్లు కూడా చాలాచోట్ల సంపాదకులు పెట్టినవే. అన్వయం ఎంతకీ కుదరని చోట ఇంకో సంపాదకుడి పాఠంలో అదే వాక్యానికి విరామచిహ్నాలు ఎక్కడున్నాయో పోల్చి చూడండి. పంక్తి సంఖ్యలు కూడా పుస్తకం మారితే కొద్దిగా జరుగుతాయి కాబట్టి, మీ నోట్సులో సంఖ్యతోపాటు పంక్తిలోని మొదటి మూడు మాటలు రాసి పెట్టుకోండి.